రద్దయిన కశ్మీర్ టూరు: ఏజెన్సీ కోతల మీద ఉత్తరం ఎలా రాయాలి?

కొబ్బరినీడ (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. మొన్న 2025 మే నెల కశ్మీర్ టూరుకి మా ఇంటి నలుగురికీ ఒక ట్రావెల్ ఏజెన్సీలో డబ్బు కట్టాం. మనిషికి 38,000 చొప్పున 1,52,000, జీఎస్టీ 7,600, మొత్తం 1,59,600. ప్రయాణం మే 7న రాజమండ్రి నుంచి ఢిల్లీకి రైల్లో, 9న ఢిల్లీ నుంచి శ్రీనగర్ విమానం, 14న తిరుగు విమానం. ఏప్రిల్ 22న పహల్గాంలో దాడి జరిగాక, 26 సాయంత్రం వాట్సాప్‌లో "మేం రావడం లేదు, రద్దు చేయండి" అని పెట్టాం. వాళ్ళు "సరే సార్, ప్రాసెస్ చేస్తాం" అన్నారు. ఇప్పుడు జూన్‌లో ఈ లెక్క పంపారు:

విమాన టికెట్లు (నాన్ రిఫండబుల్) 54,000
రైలు టికెట్లు, సగం 9,500
హోటళ్ళు, హౌస్‌బోటు 28,000
వాహనం అడ్వాన్సు 12,000
ప్రాసెసింగ్ ఛార్జీ 10,000
జీఎస్టీ 7,600
మొత్తం కోత 1,21,100

మిగిలిన 38,500 కూడా డబ్బుగా ఇవ్వరట. ఆరు నెలల్లోపు వాళ్ళ దగ్గరే ఇంకో టూరుకి వాడుకోవాలట. నేను రాసుకున్న ఉత్తరం ఇది: "దేశమంతా తెలిసిన కారణంతో టూరు రద్దయింది కాబట్టి మా 1,59,600 మొత్తం, మానసిక క్షోభకు లక్ష రూపాయలు వారంలో ఇవ్వాలి. లేదంటే పోలీసు కేసు పెడతాం." ఇది సరిపోతుందా, ఇంకేమైనా కలపాలా?

ఆనకట్ట (ధవళేశ్వరం)

కొబ్బరినీడ గారూ, ఆ ఉత్తరం పంపకండి. దాన్ని చదివినవాడు పట్టించుకోనక్కర్లేని విధంగా ఉంది. మొత్తం అడిగితే "రద్దు చేసింది మీరే కదా" అని ఒక్క వాక్యంతో తోసేస్తారు. పోలీసు కేసన్న మాట వాళ్ళ వకీలుకి మీ మీద ఆయుధం అవుతుంది. లక్ష రూపాయల క్షోభ సంగతి వినియోగదారుల కమిషన్ ముందుకి వెళ్ళినప్పుడు ఫిర్యాదులో అడగాలి, ఏజెన్సీకి రాసే ఉత్తరంలో కాదు.

ఉత్తరం బలమంతా వాళ్ళ లెక్కలోని ఒక్కో వరస ఎదురుగా మీ లెక్క పెట్టడంలో ఉంటుంది. దానికి ముందు మూడు సంగతులు తేలాలి. బుకింగ్ ఫారంలో రద్దు గురించి ఏం రాసి ఉంది? రైలుకి, విమానానికి పీఎన్‌ఆర్ నంబర్లు మీ దగ్గరున్నాయా? మీకు ఇచ్చింది జీఎస్టీ ఇన్‌వాయిసా, ఉత్త రసీదా? ఈ మూడూ ఇక్కడ పెట్టండి.

లంకరైతు (పి.గన్నవరం వైపు)

ఇందులో అంత ఆలోచించాల్సిందేముందండీ. ప్రభుత్వమే పర్యాటక ప్రదేశాలు మూసేసింది, శ్రీనగర్ విమానాశ్రయం కూడా మూసేశారు. మనిషి చేతిలో లేని కారణం వస్తే ఏ ఒప్పందమైనా రద్దే. పైసా కోయడానికి వీల్లేదు. ఆ మాట గట్టిగా రాయండి.

ఆనకట్ట

లంకరైతు గారు చెప్పిన సంగతులు నిజమే, తేదీల వరసే తేడా. జమ్మూకశ్మీర్ ప్రభుత్వం 48 చోట్లు మూసింది ఏప్రిల్ చివరి రోజుల్లో, 29 నాటికి. శ్రీనగర్ విమానాశ్రయంలో పౌర విమానాలు ఆగింది మే 7న. ఈయన రద్దు చేసింది ఏప్రిల్ 26న. ఆ రోజుకి ఏజెన్సీ టూరు నడపలేని స్థితి ఉందని నిరూపించడం కష్టం. అందుకని ఉత్తరం మొత్తాన్నీ ఆ కారణం మీద నిలబెట్టకండి.

కానీ మే 7 సంగతి వేరేచోట అక్కరకొస్తుంది. ఆ రోజుకి విమాన టికెట్లు ఇంకా బతికే ఉన్నాయా, ముందే ఏజెన్సీ రద్దు చేసిందా అన్నదే 54,000 వరసకి ప్రాణం. అది విమానాల సంగతి తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

వరదగట్టు (రాజమండ్రి)

మాదీ ఇదే బాధండి. పాపికొండల బోటుకి ఎనిమిది మందికి డబ్బు కట్టాం. గోదావరికి వరదొచ్చి బోట్లు ఆపేశారు. ఏజెంటు మాత్రం 50 శాతమే ఇస్తానంటున్నాడు, రద్దు షరతు ఉందట. మాకూ ఇదే ఉత్తరం పనికొస్తుందా?

ఆనకట్ట

పనికిరాదండి, మీది వేరే ఉత్తరం. అక్కడ మీరు మానలేదు, సేవ ఇవ్వాల్సినవాడే ఇవ్వలేకపోయాడు. 50 శాతం షరతు ప్రయాణికుడు మానుకున్నప్పటిది. బోటు కదలనిచోట ఆ షరతు వర్తించదు. "ఫలానా తేదీన బోట్లు నిలిపారు, సేవ అందలేదు, కట్టినదంతా వాపసు" అని నాలుగు వాక్యాల్లో రాయండి, బోట్లు నిలిపిన వార్త కాగితం జత చేయండి. కోతల పట్టిక అక్కర్లేదు. మిగతాది వేరే చర్చ తెరిచి అడగండి, ఇక్కడ కలిసిపోతుంది.

కొబ్బరినీడ

ఫారం దొరికిందండి, వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా పంపారు. రద్దు షరతులు ఇలా ఉన్నాయి: ప్రయాణానికి 30 రోజుల ముందైతే 10 శాతం కోత, 29 నుంచి 15 రోజుల్లోపు 25 శాతం, 14 నుంచి 8 రోజుల్లోపు 50 శాతం, 7 రోజుల్లోపైతే ఏమీ రాదు. ప్రాసెసింగ్ ఛార్జీ మాట ఎక్కడా లేదు. క్రెడిట్‌గా ఇస్తామన్న మాటా లేదు. జీఎస్టీ నంబరుతో ఇన్‌వాయిస్ ఉంది, తేదీ ఏప్రిల్ 10. టికెట్లు రెండూ ఉన్నాయి, పీఎన్‌ఆర్‌లు కనిపిస్తున్నాయి. ఈ 50 శాతం షరతు చూశాక నాకు భయం వేసింది. సగం పోయినట్టేనా?

ఆనకట్ట

భయపడాల్సింది మీరు కాదు, వాళ్ళు. లెక్క చూడండి. మే 7కి ఏప్రిల్ 26 పదకొండు రోజుల ముందు. వాళ్ళ ఫారం ప్రకారమే 50 శాతం గీత వర్తిస్తుంది. 1,52,000లో సగం 76,000. వాళ్ళు కోసింది 1,21,100. అంటే తమ కాగితాన్ని తామే పక్కన పెట్టారు.

చాలా ఏజెన్సీలు చేసే పనే ఇది. ఫారంలోని శాతాల శ్లాబు తమకు లాభంగా ఉంటే శ్లాబు చూపిస్తారు. అసలు ఖర్చు ఎక్కువ రాసుకోవచ్చనిపిస్తే "అసలు ఖర్చుల ప్రకారం" అంటారు. ఒకోసారి రెండూ కలిపేస్తారు. ఉత్తరంలో మొదటి పేరా దీన్నే పట్టుకోవాలి.

ఇంకొక మెట్టు పైకి వెళ్ళాలి. ఫారంలో 50 శాతం అని రాసి ఉంటే అది గరిష్ఠం, ఖాయంగా వచ్చే హక్కు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ముందే ఒక మొత్తం రాసుకున్నా, దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇవ్వాలి. 1963లో ఫతేచంద్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తున్నది ఇదే, 2015లో కైలాష్‌నాథ్ కేసులో మళ్ళీ విడమరచి చెప్పింది. నష్టం ఎంతో లెక్కగట్టగలిగినచోట దాన్ని చూపించాలి. హోటలు, రైలు, విమానం అన్నింటికీ రసీదులుంటాయి కాబట్టి టూరు వ్యాపారంలో లెక్కగట్టలేమనే మాట చెల్లదు.

కాబట్టి మీ ఉత్తరంలో రెండు అంకెలుండాలి. రుజువులతో లెక్క తీస్తే రావలసింది ఒకటి. ఏ రుజువూ లేకుండా, వాళ్ళ ఫారం చూసుకున్నా తగ్గకూడనిది ఇంకొకటి. ఆ రెండోది మీకు 79,800. ప్యాకేజీలో సగం, దాని మీది జీఎస్టీతో కలిపి.

రైల్వేగేటు (నిడదవోలు)

రైలు వరస నేను చెబుతానండి, చాలా తేలిక. మీ ప్రయాణం నాటి నియమం ప్రకారం, కన్ఫర్మ్ టికెట్ బండి బయలుదేరడానికి 48 గంటల కంటే ముందు రద్దు చేస్తే థర్డ్ ఏసీకి మనిషికి 180, దాని మీద 5 శాతం జీఎస్టీ, మొత్తం 189. సెకండ్ ఏసీ 200, స్లీపరు 120. పాతిక శాతం కోత 48 గంటల నుంచి 12 గంటల మధ్య, సగం కోత 12 నుంచి 4 గంటల మధ్య. సగం కోశారంటే బండి బయలుదేరే రోజు దాకా రద్దు చేయకుండా కూర్చున్నారని అర్థం, లేదా చేసి మీకు చెప్పలేదు. మీ మెసేజ్ 26నే అందింది కాబట్టి ఆలస్యం వాళ్ళ ఖాతాలోది.

నలుగురికి రానూపోనూ ఎనిమిది సీట్లు. 189 చొప్పున 1,512. వాళ్ళు కోసింది 9,500. అంటే 7,988 ఎక్కువ. ఐఆర్‌సీటీసీ కన్వీనియెన్స్ ఫీజు రాదు, అది పదుల్లో ఉంటుంది, దాని కోసం పేచీ వద్దు.

ఇంకొకటి చూడండి. ఏజెంటు ఖాతాలో కొన్న టికెట్టు రద్దయితే ప్రయాణికుడి ఫోనుకి రిఫండ్ మొత్తంతో ఓటీపీ రావాలి, అది ఏజెంటుకి చెబితేనే సొమ్ము అతని ఖాతాలో పడుతుంది. 2019 నుంచి ఉన్న పద్ధతి ఇది. మీకు అలాంటి ఓటీపీ వచ్చిందా? రాకపోతే రద్దు చేయలేదు, లేదా బుకింగులో మీ నంబరు బదులు వాళ్ళ నంబరు వేసుకున్నారు, లేదా సొంత పేరుతో మామూలు ఖాతాలో కొన్నారు. మూడింట్లో ఏదైనా ఉత్తరంలో అడగదగ్గదే.

కొబ్బరినీడ

ఓటీపీ ఏమీ రాలేదండి. పీఎన్‌ఆర్ ఇప్పుడు కొడితే "FLUSHED PNR" అని వస్తోంది.

రైల్వేగేటు

ప్రయాణం అయిపోయి రోజులు గడిస్తే పాత పీఎన్‌ఆర్ వివరాలు తీసేస్తారు, అందుకే అలా వస్తోంది. బండి బయలుదేరేలోపు చూసి ఉంటే ఒక్కో ప్రయాణికుడి ఎదురుగా CAN/MOD అని కనిపించేది, రద్దయిన రుజువుగా దాన్ని ఫొటో తీసి పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఏజెన్సీనే అడగాలి: రద్దు తేదీ, వేళ, రిఫండ్ మొత్తం ఉన్న ఐఆర్‌సీటీసీ కాగితం. ఆ కాగితం వాళ్ళ ఖాతాలో ఉంటుంది, లేదనడానికి వీల్లేదు. ఇది చదివే మిగతావాళ్ళు మాత్రం రద్దు చెప్పిన రోజునుంచే పీఎన్‌ఆర్ చూస్తూ ఉండండి.

మధురపూడిరన్‌వే

విమానం వరస. "నాన్ రిఫండబుల్" అని రాసినా మొత్తం పోయినట్టు కాదండి. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ప్రకారం విమాన సంస్థ రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని దాటకూడదు. ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటివి ప్రయాణికుడు ఎక్కకపోతే తిరిగివ్వాల్సిందే, టికెట్టు ప్రమోషన్‌దైనా సరే. కాబట్టి 54,000కి 54,000 పోయిందనే లెక్క పుట్టదు.

ఇక అసలు చూడాల్సింది. 9వ తేదీ ఢిల్లీ–శ్రీనగర్ విమానం ఎగరలేదు. మే 7 నుంచి శ్రీనగర్‌లో పౌర విమానాలు లేవు, 12న విమానాశ్రయం తెరిచారు, 13 నుంచి విమానాలు మొదలయ్యాయి. విమాన సంస్థే రద్దు చేసినప్పుడు టికెట్టు సొమ్మంతా వెనక్కి వస్తుంది. అది ఏజెన్సీ ఖాతాకి వెళుతుంది, మీకు కాదు. ఏజెన్సీ ఏప్రిల్ 26న మీ మాట విని రద్దు చేసి ఉంటే సంస్థ రద్దు రుసుము పట్టుకుని మిగతాది ఇచ్చి ఉంటుంది. చేయకుండా ఊరుకుంటే 9న పూర్తి సొమ్ము వచ్చి ఉంటుంది. రెండు దారుల్లోనూ 54,000 నష్టం ఉండదు.

ఎలా తెలుసుకోవాలంటే, విమాన సంస్థ సైట్లో బుకింగ్ చూసేచోట పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టండి. రద్దయిందా, ఎప్పుడు, రిఫండ్ ఇచ్చారా అని చాలావరకు కనిపిస్తుంది. కనిపించకపోతే వాళ్ళ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ప్రయాణికుడిగా "నా టికెట్టు రిఫండ్ ఏ తేదీన ఏజెంటుకి వెళ్ళింది" అని అడగండి. సొమ్ము మీకివ్వరు గానీ తేదీ చెబుతారు.

తిరుగు ప్రయాణం 14వ తేదీది మాత్రం చిక్కు. ఆ రోజు విమానాలు ఎగిరాయి. రానూపోనూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉందా, వేర్వేరా?

కొబ్బరినీడ

వేర్వేరండి. ఒక్కో వైపు 27,000. సైట్లో కొట్టాను. వెళ్ళే టికెట్టుకి విమాన సంస్థే రద్దు చేసినట్టు, రిఫండ్ పూర్తయినట్టు కనిపిస్తోంది, తేదీ మే 9. తిరుగు టికెట్టుకి రద్దు మే 12న చేసినట్టుంది. దాని కింద రద్దు రుసుము మనిషికి 3,500 అని ఉంది.

మధురపూడిరన్‌వే

అదిగో. 26న చెప్పిన రద్దుని వాళ్ళు మే 12న చేశారు. వెళ్ళే టికెట్ల 27,000 వాళ్ళ చేతికి పూర్తిగా వచ్చింది, మీ దగ్గర అదే మొత్తం నష్టం కింద రాశారు. ఆ రెండు తెరల ఫొటోలు ఇప్పుడే తీసిపెట్టుకోండి, తేదీ వేళ కనిపించేలా.

తిరుగు టికెట్లకి వాస్తవ కోత 3,500 చొప్పున నలుగురికి 14,000. వేర్వేరు పీఎన్‌ఆర్‌లు కాబట్టి సంస్థ దాన్ని మామూలు రద్దుగానే చూసింది. వెళ్ళే విమానమే లేనప్పుడు తిరుగు ప్రయాణం ఎలా అని వాదించవచ్చు, కొన్ని సంస్థలు అడిగితే మాఫీ చేసేవి కూడా. కానీ ఏజెన్సీ అడిగిందో లేదో తెలీదు. నేనైతే 14,000 ఒప్పుకుంటాను.

ఒక హెచ్చరిక, మిగతావాళ్ళ కోసం. ఏజెన్సీ గ్రూపు కోటాలో గుత్తగా సీట్లు పట్టి, పేర్లు చివర్లో ఎక్కించే టికెట్లయితే నియమాలు వేరు, అడ్వాన్సు పోవచ్చు. ప్రయాణానికి కొద్ది రోజుల ముందు దాకా పీఎన్‌ఆర్ ఇవ్వలేదంటే అలాంటివేనని అనుమానించండి.

లంకరైతు

జీఎస్టీ మాత్రం రాదండి. అది ప్రభుత్వానికి కట్టేసింది, ఏజెన్సీ ఎక్కణ్ణించి తెచ్చిస్తుంది?

తణుకుపద్దు

వస్తుందండి. కట్టేసినా వెనక్కి తెచ్చుకునే దారి చట్టంలోనే ఉంది. ఇన్‌వాయిస్ ఇచ్చి ఉంటే ఏజెన్సీ జీఎస్టీ క్రెడిట్ నోట్ జారీచేసి తన పన్ను బాధ్యత తగ్గించుకుంటుంది. ఆర్థిక సంవత్సరం అయ్యాక వచ్చే నవంబరు 30 దాకా గడువుంటుంది. ఈ ఇన్‌వాయిస్ 2025 ఏప్రిల్‌ది కాబట్టి 2026 నవంబరు 30 దాకా సమయం ఉంది. అడ్వాన్సు రసీదు మాత్రమే ఇచ్చి ఉంటే రిఫండ్ వోచరు ఇస్తారు. జీఎస్టీ క్రెడిట్ నోట్‌కీ, ఇంకో టూరుకి వాడుకోమనే క్రెడిట్‌కీ సంబంధం లేదు, కలిపి మాట్లాడితే జాగ్రత్త.

అయితే లంకరైతు గారి మాటలో ఒక ముక్క నిజం. మొత్తం 7,600 రాదు. ఏజెన్సీ న్యాయంగా అట్టిపెట్టుకున్న రద్దు సొమ్ము మీద జీఎస్టీ పడుతుంది, అసలు సేవ మీద ఎంత శాతమో అంతే. 2022 ఆగస్టులో వచ్చిన సర్క్యులర్ ఈ సంగతి తేల్చింది. కాబట్టి ఒప్పుకున్న కోత మీద 5 శాతం లెక్కగట్టి అంతే వదలండి.

ఆనకట్ట

ఇక హోటళ్ళు, వాహనం మిగిలాయి. కొబ్బరినీడ గారూ, మీ ప్రయాణ పట్టికలో హోటళ్ళ పేర్లుంటే నేరుగా ఫోన్ చేయండి. "ఫలానా ఏజెన్సీ మా పేరుతో గదులు పట్టిందా, అడ్వాన్సు ఎంత, రద్దు ఎప్పుడు చెప్పారు" అని. రిఫండ్ అడగకండి, సమాచారమే అడగండి, అప్పుడు చెబుతారు. మీరు డబ్బుకి వచ్చారనుకుంటే ఏజెన్సీని అడగమని పెట్టేస్తారు.

కొబ్బరినీడ

ఫోన్ చేశానండి. శ్రీనగర్ హోటలువాళ్ళు బుకింగ్ ఉందన్నారు, 6,000 అడ్వాన్సు తమ దగ్గరుందనీ ఏజెన్సీ వేరే అతిథులకి వాడుకోవచ్చనీ చెప్పారు. పహల్గాం హోటలువాళ్ళు రద్దు చేశారు, ఏమీ పట్టుకోలేదన్నారు. హౌస్‌బోటువాళ్ళ రిజిస్టరులో మా పేరే లేదట. వాహనం ఎవరిదో పట్టికలో లేదు.

ఆనకట్ట

సరిపోయింది. ఇంతమాత్రం సమాచారం చేతిలో ఉంటే ఉత్తరం రాసుకోవచ్చు. ఫోనులో చెప్పింది రుజువు కాదు, అందుకని "మాకు తెలిసినదాన్నిబట్టి" అని రాసి రసీదు అడగాలి. ప్రాసెసింగ్ పూర్తిగా కొట్టేయకండి. వాళ్ళు టికెట్లు తీశారు, గదులు మాట్లాడారు, కొంత పని జరిగింది. మనిషికి వెయ్యి ఒప్పుకుంటే మీ ఉత్తరం చదివే మూడో మనిషికి మీరు న్యాయంగా ఉన్నారనిపిస్తుంది. కింద ఒక రూపం రాశాను, సరిచూసుకోండి.

> ట్రావెల్ ఏజెన్సీ యజమాని గారికి,
>
> విషయం: 2025 మే 7 నుంచి వెళ్ళాల్సిన కశ్మీర్ టూరు రద్దు, మీ కోతల లెక్క మీద అభ్యంతరం, సొమ్ము వాపసు.
>
> అయ్యా,
>
> నలుగురి టూరు కోసం మీకు 1,59,600 రూపాయలు చెల్లించాను (ఇన్‌వాయిస్ తేదీ 10-4-2025). 26-4-2025 సాయంత్రం వాట్సాప్‌లో రద్దు తెలియజేశాను, అదే రోజు మీరు అందినట్టు జవాబిచ్చారు. ఆ తేదీ ప్రయాణానికి 11 రోజుల ముందు.
>
> మీరు 1,21,100 కోసి, మిగిలిన 38,500 ఇంకో టూరుకి వాడుకోమన్నారు. మీ బుకింగ్ ఫారం ప్రకారం 14 నుంచి 8 రోజుల మధ్య రద్దుకి గరిష్ఠ కోత 50 శాతం, అంటే 76,000, దాని మీద జీఎస్టీ 3,800. దానికంటే ఎక్కువ కోసే అధికారం మీ ఫారమే మీకు ఇవ్వలేదు. క్రెడిట్‌గా ఇచ్చే షరతు కూడా అందులో లేదు, దానికి నేను ఒప్పుకోలేదు.
>
> మీకు నిజంగా కలిగిన నష్టం ఆ గరిష్ఠం కంటే చాలా తక్కువ. వరసవారీగా:
>
> 1. వెళ్ళే విమాన టికెట్లు: మీరు కోసింది 27,000. 9-5-2025న విమాన సంస్థే రద్దు చేసి పూర్తి రిఫండ్ ఇచ్చినట్టు సంస్థ సైట్లో ఉంది (ఫొటో 1). ఒప్పుకునేది: లేదు.
> 2. తిరుగు విమాన టికెట్లు: మీరు కోసింది 27,000. సంస్థ రద్దు రుసుము మనిషికి 3,500 (ఫొటో 2). ఒప్పుకునేది: 14,000.
> 3. రైలు టికెట్లు, 8 సీట్లు, థర్డ్ ఏసీ: మీరు కోసింది 9,500. 26-4-2025న రద్దు చేయాల్సినదానికి సీటుకి 189. ఒప్పుకునేది: 1,512. ఆలస్యంగా రద్దు చేసినందువల్ల పెరిగిన కోత మీది.
> 4. హోటళ్ళు, హౌస్‌బోటు: మీరు కోసింది 28,000. మాకు తెలిసినదాన్నిబట్టి శ్రీనగర్ హోటలు దగ్గర 6,000 అడ్వాన్సు తప్ప ఇంకేమీ లేదు. ఒప్పుకునేది: 6,000. మిగతాదానికి హోటలువారీ రసీదు, రద్దు నియమం చూపాలి.
> 5. వాహనం: మీరు కోసింది 12,000. వాహన యజమాని పేరు, చెల్లింపు రసీదు చూపేదాకా ఒప్పుకునేది: లేదు.
> 6. ప్రాసెసింగ్: మీరు కోసింది 10,000. ఫారంలో లేదు. చేసిన పనికి ఒప్పుకునేది: 4,000.
> 7. జీఎస్టీ: మీరు కోసింది 7,600. ఒప్పుకున్న కోత 25,512 మీద 5 శాతం. ఒప్పుకునేది: 1,276. మిగతాదానికి జీఎస్టీ క్రెడిట్ నోట్ ఇవ్వగలరు.
>
> ఒప్పుకునే మొత్తం 26,788. నాకు రావలసింది 1,32,812 రూపాయలు.
>
> ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఆ సొమ్ము నేను చెల్లించిన బ్యాంకు ఖాతాకే పంపగలరు. ఏ వరస మీదైనా మీకు భిన్నాభిప్రాయం ఉంటే ఆ వరసకి సంబంధించిన రసీదు నకలు అదే గడువులో పంపండి, చూసి మార్చుకుంటాను. ఏ రుజువూ చూపకపోయినా మీ ఫారం ప్రకారం 79,800 చెల్లించడానికి మీకు ఆటంకమేమీ లేదు. దాన్ని వెంటనే పంపండి. అది తీసుకోవడం వల్ల మిగతా సొమ్ము మీద నా హక్కు వదులుకున్నట్టు కాదు.
>
> జత: ఇన్‌వాయిస్, చెల్లింపు రుజువులు, బుకింగ్ ఫారం, వాట్సాప్ సందేశాలు, మీ కోతల లెక్క, ఫొటోలు 1, 2.

తణుకుపద్దు

లెక్క సరిచూశాను. 14,000, 1,512, 6,000, 4,000 కలిపితే 25,512. ఐదు శాతం 1,275.60, రూపాయికి సరిచేస్తే 1,276. మొత్తం 26,788. 1,59,600లోంచి తీస్తే 1,32,812. సరిగ్గా ఉంది. పైసా తేడా వచ్చినా వాళ్ళు దాన్ని పట్టుకుని మొత్తం లెక్కే తప్పంటారు.

మధురపూడిరన్‌వే

4వ వరసతో నాకు పేచీ ఉంది. శ్రీనగర్ హోటలు దగ్గర 6,000 ఏజెన్సీకి క్రెడిట్‌గా ఉంది కదా. వేరే అతిథులకి వాడుకుంటారు. అది నష్టం ఎలా అవుతుంది? ఒప్పుకోకూడదు.

ఆనకట్ట

మీ మాటలో బలముంది. కానీ సీజను మొత్తం అక్కడికి వెళ్ళేవాళ్ళు తగ్గిపోయారు, ఆ క్రెడిట్ వాడుకోగలరో లేదో ఎవరికీ తెలీదు. ఒప్పుకుంటే ఉత్తరం నిలబడుతుందని నా అభిప్రాయం. మీరు చెప్పినట్టు రాసినా తప్పు కాదు.

లంకరైతు

50 శాతం కోత షరతే అన్యాయం కదా. వినియోగదారుల చట్టంలో అన్యాయపు ఒప్పందం అని ఉంది. ఆ మాట ఉత్తరంలో పెట్టి, జిల్లా కమిషన్‌లో అదే కారణంతో వేయమనండి.

ఆనకట్ట

2019 చట్టంలో ఆ భావన ఉన్నది నిజమే. నష్టానికి పొంతన లేని జరిమానా షరతు అందులోకి వస్తుంది. అయితే ఆ కారణంతో ఫిర్యాదు వినే అధికారం రాష్ట్ర కమిషన్‌కి ఉంది, జిల్లా కమిషన్‌కి లేదు. ఇంత చిన్న మొత్తానికి విజయవాడ దాకా వెళ్ళడం దండగ. జిల్లా కమిషన్‌లో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని వేయాలి. 26న చెప్పిన రద్దుని మే 12న చేయడం, వచ్చిన రిఫండ్ దాచడం సేవాలోపానికి చాలు. మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, ఏజెన్సీ ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపు సేవకి ఫీజు లేదు. రెండేళ్ళ గడువు. ఇంట్లోంచే e-jagriti.gov.in లో వేయొచ్చు.

దానికి ముందు 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. వాళ్ళు తీర్పు ఇవ్వరు, ఏజెన్సీకి పంపి జవాబు అడుగుతారు. కొన్నిసార్లు అక్కడే తేలుతుంది. ఉత్తరం మాత్రం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ కూడా ముద్రించుకోండి. అదే కాగితం ఈమెయిల్లో కూడా పెట్టండి. వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఫోను మారినప్పుడు ఇబ్బంది పడతారు. ఇప్పుడే చాట్‌ని ఎగుమతి చేసి ఈమెయిల్లో దాచుకోండి.

కొబ్బరినీడ

అందరికీ ధన్యవాదాలండి. ఉత్తరం పంపాను. ఈరోజు ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. 79,800 ఇస్తాం, అయితే "ఇకమీదట ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద ముందు సంతకం పెట్టి పంపాలట. విమానం రిఫండ్ సంగతి అడిగితే అకౌంట్స్ చూసి చెబుతామన్నారు. సంతకం పెట్టనా? కనీసం చేతికి డబ్బు వస్తుంది కదా అని ఇంట్లో అంటున్నారు.

తణుకుపద్దు

పెట్టకండి. ఆ సంతకంతో 53,012 వదిలేసినట్టే. వాళ్ళ ఫారం ప్రకారం ఇవ్వాల్సిన సొమ్ముకి ఇంకో కాగితం ఎందుకు?

రైల్వేగేటు

నా అభిప్రాయం కొంచెం వేరండి. కమిషన్‌లో ఏడాది పైనే పట్టవచ్చు. వాళ్ళు లక్ష దాకా వస్తే సంతకం పెట్టి ముగించడం మేలు. ఎవరి ఓపిక వారిది.

ఆనకట్ట

ముగించడం ఆయన ఇష్టం, కానీ తెలిసి ముగించాలి. కొబ్బరినీడ గారూ, ఫోనులో ఏమీ ఒప్పుకోకండి. ఈమెయిల్లో ఇలా జవాబివ్వండి: "79,800 పాక్షిక చెల్లింపుగా తీసుకోవడానికి సిద్ధం. సంతకం కావాలంటే 'పాక్షికంగా అందినది' అనే రసీదు ఇస్తాను. వెళ్ళే విమాన టికెట్ల 27,000 మీ ఖాతాకి చేరిన తేదీ, ఆ రిఫండ్ కాగితం 7 రోజుల్లో పంపండి." ఆ 27,000 ఒక్కటి వాళ్ళు లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే మిగతా వరసల మీద బేరం మీ చేతిలో ఉంటుంది. ఆ జవాబు వచ్చేదాకా ఏ తుది కాగితం మీదా సంతకం వద్దు.

కొబ్బరినీడ

ఇప్పుడే ఈమెయిల్ పెట్టానండి. జవాబు వస్తే ఇక్కడ పెడతాను.